నాణెం ఏ దేశానిది? చుక్క, అక్షరం, అంచు చెప్పే సాక్ష్యం

పాత ఢిల్లీ బజార్లలో గుట్టగా పోసి అమ్మే విదేశీ నాణేల్లోంచి ఒకటి చేతికి తీసుకుంటే, కొత్తవాళ్లు ముందుగా వెతికేది సంవత్సరం పక్కనుండే చిన్న అక్షరాన్నో, నక్షత్రాన్నో. ఆ గుర్తు దొరికితే దేశం దొరికినట్టే అనుకుంటారు. సేకరణ మొదలుపెట్టిన చాలామంది ఆల్బముల్లో తప్పులు చేరేది ఇక్కడే. టంకశాల గుర్తు చెప్పేది నాణెం ఎక్కడ ముద్ర పడిందన్నదే. ఎవరి అధికారంతో, ఏ దేశపు చెలామణి కోసం ముద్ర పడిందన్నది వేరే ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే అయిన నాణేలు ఎక్కువ కాబట్టి తేడా కనిపించదు. జవాబులు వేరైన నాణెం ఎదురైనప్పుడు మాత్రం గుర్తును నమ్మినవాళ్లు దారి తప్పుతారు.

ఈ విషయం తేల్చుకోవడానికి ఢిల్లీ పరిసరాల కంటే మంచి చోటు లేదు. రాజధాని ప్రాంతంలోనే ఇందుకు రెండు ఎదురెదురు ఉదాహరణలున్నాయి. ఒకటి నోయిడా ప్రభుత్వ టంకశాల, రెండోది హర్యానాలోని నూహ్ జిల్లా.

నోయిడా చుక్క

నోయిడా టంకశాల 1988లో మొదలైంది. దేశంలోని నాలుగు ప్రభుత్వ టంకశాలల్లో కొత్తది ఇదే. దీని గుర్తు సంవత్సరం కింద ఒక గుండ్రటి చుక్క. ముంబయిది వజ్రాకారం, హైదరాబాద్‌ది అయిదు కోణాల నక్షత్రం. కోల్‌కతాకు గుర్తే లేదు. సంవత్సరం కింద ఖాళీగా ఉంటే అది కోల్‌కతా నాణెమని లెక్క. మన తెలుగువాళ్ల జేబుల్లో ఎక్కువగా తిరిగేది నక్షత్రమే. నిజాం సికందర్ జా కాలంలో 1803లో మొదలైన ఆ టంకశాల 1903లో సైఫాబాద్‌కు, 1997లో చర్లపల్లికి మారింది. చర్లపల్లికి మారాక కూడా నక్షత్రం గుర్తే సాగుతోంది.

చుక్కను చదవడం పైకి తేలిక, నిజానికి కష్టం. నక్షత్రానికీ వజ్రానికీ ఒక ఆకారం ఉంటుంది, అరిగినా మూలలు కొన్ని మిగులుతాయి. చుక్కకు మూలలుండవు. ముద్ర అచ్చులో చిన్న పెచ్చు ఊడితే నాణెం మీద అచ్చం చుక్కలాంటి బొడిపె లేస్తుంది. మురికి గట్టిపడినా అలాగే కనిపిస్తుంది. పది రెట్ల భూతద్దం కింద నాణేన్ని ఏటవాలు వెలుగులో తిప్పుతూ చూడాలి. అసలు చుక్క అంచు చుట్టూ ఒకేలా ఉంటుంది, సంవత్సరంలోని అంకెల కింద సరిగ్గా మధ్యన, అదే ఎత్తున నిలుస్తుంది. పెచ్చు వల్ల వచ్చిన బొడిపె ఒకవైపు సాగి, ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది. దీనికి తోడు తారీఖు అనే సాక్షి కూడా ఉంది. టంకశాల 1988లో మొదలైంది కాబట్టి 1975 నాణెం మీద చుక్క కనిపిస్తే అది నోయిడా గుర్తు కాదు. ఏ గుర్తునైనా ఇలా ఆ టంకశాల చరిత్రతో సరిచూసుకోవాలి.

అయితే ఈ చుక్క దేశాన్ని గుర్తుపట్టడానికి పనికొస్తుందా? రాదు. మన నాణేల మీద నాలుగు సింహాల స్తంభం ఉంటుంది, దేవనాగరిలో భారత్ అని, ఇంగ్లిష్‌లో ఇండియా అని రాసి ఉంటుంది. దేశం అప్పటికే తేలిపోయింది. చుక్క తెలిపేది ఏ ఊళ్లో ముద్ర పడిందన్న వివరమే. టంకశాల గుర్తు పని ఎక్కడైనా ఇంతే. దేశం తేలాక చదవాల్సిన గుర్తు అది, దేశం తేల్చడానికి కాదు.

భారతీయ నాణెం మీద పరాయి అక్షరం

1985 నాటి ఒక రూపాయి నాణేల్లో కొన్నింటి మీద సంవత్సరం కింద ఇంగ్లిష్ హెచ్ అక్షరం ఉంటుంది. దాన్ని హైదరాబాద్ మొదటి అక్షరమని మన ప్రాంతంలో పొరబడినవాళ్లున్నారు. అది బర్మింగ్‌హామ్‌లోని హీటన్ కంపెనీ గుర్తు. ఆ రోజుల్లో చిల్లర కొరత తీర్చడానికి మన ప్రభుత్వం విదేశీ టంకశాలలకు పని అప్పగించింది. 1990ల చివర్లో కూడా అలాగే జరిగింది. అందుకే మన నాణేల మీద మాస్కో టంకశాల మూడు రష్యన్ అక్షరాలు, స్లొవేకియాలోని క్రెమ్నిత్సా టంకశాల గుర్తు, మెక్సికో నగరపు ఎమ్ అక్షరం, దాని మీద చిన్న సున్నా కనిపిస్తాయి. ఇవన్నీ పూర్తిగా భారతీయ నాణేలే.

అదే హెచ్ అక్షరం 1912 నాటి బ్రిటిష్ పెన్నీల మీద ఉంది, పంతొమ్మిదో శతాబ్దపు కెనడా సెంట్ల మీదా ఉంది. అంటే ఒకే అక్షరం కింద కనీసం మూడు దేశాలు ఉన్నాయి. మిగతా అక్షరాల సంగతీ అంతే. డి అక్షరం అమెరికా నాణెం మీద డెన్వర్, జర్మనీ నాణెం మీద మ్యూనిక్. బి అక్షరం స్విట్జర్లాండ్ నాణెం మీద బెర్న్, మన ప్రత్యేక ముద్రణ నాణేల మీద బొంబాయి. అక్షరం ఒక్కటే పట్టుకుని జాబితాలో వెతికితే నాలుగైదు దేశాలు తేలతాయి తప్ప ఒక్కటి తేలదు.

ఎల్ అక్షరం ఉన్న 1944, 1945 రూపాయల దగ్గర మరో చిక్కు ఉంది. వాటి మీద ఆరో జార్జి బొమ్మ ఉంటుంది. ఆ అక్షరం లాహోర్‌ది. లాహోర్ ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది కదా అని వాటిని పాకిస్తాన్ పేజీలో పెట్టకూడదు. ముద్ర పడిన రోజున అవి బ్రిటిష్ ఇండియా నాణేలు. టంకశాల ఉన్న నేల తర్వాత ఏ దేశానికి పోయినా, నాణెం జారీ చేసిన అధికారం మారదు.

నూహ్‌లో ముద్ర పడ్డ బ్రిటిష్ సవరిన్

రాజధాని ప్రాంతంలో రెండో ఉదాహరణ నోయిడా చుక్కకు సరిగ్గా తలకిందులు. నూహ్ జిల్లా రోజ్కా మేవ్ పారిశ్రామికవాడలో ఎమ్.ఎమ్.టి.సి.-పాంప్ సంస్థకు బంగారం శుద్ధి కర్మాగారం ఉంది. బ్రిటన్ రాయల్ మింట్ అనుమతితో 2013లో అక్కడ బంగారు సవరిన్లు ముద్రించడం మొదలైంది. ఆ నాణెం బరువు 7.98 గ్రాములు, వ్యాసం 22.05 మిల్లీమీటర్లు, స్వచ్ఛత 22 క్యారట్లు. వెనకవైపు గుర్రం మీద సెయింట్ జార్జి డ్రాగన్‌ను చంపుతుంటాడు. ఆ బొమ్మ చెక్కినవాడు బెనెడెటో పిస్ట్రూచి. దానికి తోడు, ఇండియాను సూచించే ఐ అక్షరం చిన్నగా ఉంటుంది.

దీన్ని తెలియని నాణెంగా చేతిలో పెడితే ఏమవుతుంది? ముందువైపు రాణి ఎలిజబెత్ తల ఉంటుంది. చుట్టూ లాటిన్‌లో ఆమె పేరు, దేవుని దయవల్ల రాణి, విశ్వాస రక్షకురాలు అన్న బిరుదులు ఉంటాయి. దేశం పేరు లేదు. విలువా లేదు. దేశాన్ని చెబుతున్నట్టు కనిపించే ఒకే ఒక్క సూచన ఆ ఐ అక్షరం. దాని అర్థం ఇండియా అని ఏ జాబితాలో చూసినా ఉంటుంది. అక్కడ ఆగిపోయినవాళ్లు దాన్ని భారతీయ నాణెమని రాసుకుంటారు. అది బ్రిటిష్ నాణెం. బ్రిటిష్ చట్టం కింద, బ్రిటిష్ రాణి పేరుతో, హర్యానాలో ముద్ర పడింది.

ఇది కొత్త సంగతి కూడా కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో రాయల్ మింట్ బొంబాయిలో ఒక శాఖ నడిపింది. 1918లో అక్కడ దాదాపు పదమూడు లక్షల సవరిన్లు ముద్రించింది. వాటి మీద కూడా గుర్రం కింది నేల గీత మీద ఐ అక్షరమే ఉంటుంది. ఆ నాణెం మీద చక్రవర్తి అయిదో జార్జి బిరుదుల్లో బ్రిటన్ ప్రస్తావన ఉంది కాబట్టి కొంత మేలు. 2013 నాణెం మీద ఆ ఆధారమూ లేదు. అక్కడ దేశాన్ని తేల్చేవి రెండు. ఒకటి రాణి బొమ్మ, బిరుదుల వరుస. రెండోది వెనకవైపు చిత్రం, బరువు, వ్యాసం కలిసి సవరిన్ ప్రమాణానికి సరిపోవడం. ఐ అక్షరం చదవాల్సింది ఆ రెండూ అయ్యాకే.

ఢిల్లీ పాదుషా పేరు, పుదుచ్చేరి నెలవంక

అక్షరాల కంటే ముందు కాలంలో పరిస్థితి మరింత చిక్కు. పద్దెనిమిదో శతాబ్దంలో దక్షిణాదిన ముద్ర పడిన వెండి రూపాయల మీద ఢిల్లీ మొఘల్ పాదుషా పేరే ఉండేది. ఆర్కాటు రూపాయి ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. పాదుషా ఆలంగీర్ పేరు, టంకశాల పేరుగా ఆర్కాటు అని పారసీ లిపిలో ఉంటాయి. చదవగలిగినవాళ్లకు కూడా అది మొఘల్ నాణెంగానే తోస్తుంది. కానీ ఇంగ్లిష్ కంపెనీ మద్రాసులో, ఫ్రెంచివాళ్లు పుదుచ్చేరిలో ఇవే రూపాయలు ముద్రించారు. ఆర్కాటు నవాబు దగ్గర అనుమతి పొంది ముద్రించారు కాబట్టి పాత పేర్లను అలాగే ఉంచారు. బజారులో జనం నమ్మేది ఆ పేర్లనే.

ఇక్కడ అక్షరాలు దాచినదాన్ని గుర్తు బయటపెడుతుంది. తామరపువ్వు ఉంటే మద్రాసు, నెలవంక ఉంటే పుదుచ్చేరి. ఇంగ్లిష్ కంపెనీ రూపాయల మీద హిజరీ 1172, ఆరో పాలనా సంవత్సరం అని ఉంటుంది. రెండో ఆలంగీర్ 1759లో చనిపోయాడు, కానీ అదే సంవత్సరం రాసి ఉన్న నాణేలు పంతొమ్మిదో శతాబ్దంలోనూ ముద్ర పడుతూనే ఉన్నాయి. ఇక్కడే అంచు సాయానికి వస్తుంది. చేత్తో సుత్తి కొట్టి ముద్రించినవాటి అంచు సాదాగా, గుండ్రన కుదరక ఉంటుంది. మద్రాసులో యంత్రాలు వచ్చాక, 1807 నుంచి ముద్ర పడ్డవి సమంగా గుండ్రంగా ఉండి, అంచు మీద గీతలుంటాయి. అంటే నాణెం మీది తారీఖు 1759ని చెబుతుంటే, అంచు మాత్రం అది పంతొమ్మిదో శతాబ్దపు పని అని చూపిస్తుంది. రెండింటిలో అంచునే నమ్మాలి.

హైదరాబాద్ నిజాంలు కూడా 1857 దాకా మొఘల్ పాదుషా పేరుతోనే నాణేలు వేశారు. ఆ తర్వాత ఆసఫ్ జా పేరు వచ్చింది. చార్మినార్ బొమ్మ ఉన్న యంత్ర ముద్రణ నాణేలు మన పెద్దల ఇళ్లలో ఇప్పటికీ దొరుకుతాయి. వాటి మీద పాలకుడి పేరు విడిగా రాసి ఉండదు. ఏ నిజామో తెలియాలంటే చార్మినార్ మధ్య ద్వారంలోకి చూడాలి. అక్కడ మీమ్ అక్షరం ఉంటే మహబూబ్ అలీఖాన్, ఐన్ ఉంటే ఉస్మాన్ అలీఖాన్. ఈ అక్షరం టంకశాల గుర్తు కాదు, జారీ చేసినవాడి పేరులోని మొదటి అక్షరం. బయటికి రెండూ ఒకేలా చిన్న అక్షరంగా కనిపిస్తాయి, చెప్పే విషయం వేరు. అందుకే ఏ గుర్తునైనా చూసినప్పుడు మొదట అడగాల్సింది అది దేన్ని సూచించే రకం గుర్తు అని.

అంచు మీది రాత

నాణేనికి బొమ్మ, బొరుసు కాక మూడో ముఖం అంచు. చాలామంది చూడనిదీ, దేశాన్ని తేల్చడంలో కొన్నిసార్లు టంకశాల గుర్తు కంటే గట్టి సాక్ష్యమూ అదే. అక్షరానికి చోటు చాలక దేశాలు ఒకే అక్షరం వాడుకున్నాయి. అంచు మీద మాత్రం వాక్యం పడుతుంది. వాక్యం ఇంకొకరిది అయ్యే అవకాశం తక్కువ.

రెండు యూరోల నాణెం దీనికి మంచి పాఠం. ఒక ముఖం అన్ని దేశాలకూ ఉమ్మడి, రెండో ముఖం ఏ దేశానికి ఆ దేశం. అంచు గీతల మీద లోతుగా చెక్కిన రాత కూడా దేశాన్ని బట్టి మారుతుంది. జర్మనీ అంచు మీద ఐక్యత, న్యాయం, స్వేచ్ఛ అన్న వారి జాతీయగీతం మాటలుంటాయి. నెదర్లాండ్స్ అంచు మీద దేవుడు మనతో ఉండుగాక అని డచ్చి భాషలో ఉంటుంది. ఫిన్లాండ్ అంచు మీద ఆ దేశం పేరు రెండు భాషల్లో, సింహం తలలతో కలిసి ఉంటుంది.

ఇప్పుడు ఒక నాణేన్ని దగ్గరగా చూద్దాం. బయటి వలయం వెండి రంగు, మధ్యభాగం బంగారు రంగు. ఒకవైపు ఎద్దు మీద కూర్చున్న స్త్రీ. సంవత్సరం 2002. కింది నక్షత్రంలోపల ఇంగ్లిష్ ఎస్ అక్షరం. రాత గ్రీకు లిపిలా ఉంది. ఎస్ అక్షరాన్ని పట్టుకుంటే స్పెయిన్, స్వీడన్, స్లొవేకియా అని ఊహలు మొదలవుతాయి. వాటిని పక్కన పెట్టి ముందు కొలతలు తీసుకోవాలి. బరువు 8.5 గ్రాములు, వ్యాసం 25.75 మిల్లీమీటర్లు. ఈ బరువు ఒక్కటే చాలదు, ఎందుకంటే ఇవే రంగులున్న థాయ్‌లాండ్ పది బాత్ నాణెం కూడా 8.5 గ్రాములే, వ్యాసం 26 మిల్లీమీటర్లు. బ్యాంకాక్ వెళ్లొచ్చినవాళ్ల చిల్లరలో అది తరచూ ఉంటుంది. తేడా అంచులో ఉంది. పది బాత్ అంచు మీద కొంత దూరం గీతలు, కొంత దూరం నున్నగా, మళ్లీ గీతలు ఉంటాయి. మన చేతిలోనిది అంచంతా సన్నని గీతలతో ఉండి, వాటి మీద అక్షరాలున్నాయి.

అంచును చదవడానికి నాణేన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య నిలబెట్టి, దీపం పక్కనుంచి వాలుగా పడేలా పెట్టుకుని, కొద్దికొద్దిగా తిప్పుతూ అక్షరాలు కాగితం మీద రాసుకోవాలి. ఈ నాణెం చుట్టుకొలత దాదాపు 81 మిల్లీమీటర్లు, కాబట్టి రాత ఎక్కడ మొదలవుతుందో ముందు తెలియదు. మాటల మధ్య పెద్ద ఖాళీ వచ్చేదాకా తిప్పాలి. ఇక్కడ తేలేది ఎల్లినికి దిమోక్రతియా, అంటే గ్రీకు గణతంత్రం. దేశం గ్రీస్ అని ఖాయమైంది. ఎద్దు మీది స్త్రీ కూడా సరిపోయింది, ఆమె గ్రీకు పురాణ కథల్లోని యూరోపా. ఇప్పుడు ఎస్ అక్షరానికి వద్దాం. మొదటి విడత యూరోలు వేళకు అందించడానికి గ్రీస్ కొన్నింటిని బయట ముద్రించుకుంది. ఒకటి, రెండు యూరోలు ఫిన్లాండ్‌లో ముద్ర పడ్డాయి. ఎస్ అంటే సువోమి, ఫిన్లాండ్ ప్రజలు తమ దేశాన్ని పిలుచుకునే పేరు. నూహ్ సవరిన్ లాగే ఇక్కడా జారీ చేసిన దేశం ఒకటి, ముద్ర పడ్డ దేశం మరొకటి. అంచు మొదటి ప్రశ్నకు జవాబిచ్చింది, అక్షరం రెండో ప్రశ్నకు.

అంచు కూడా తేల్చలేని చోట

అంచు సాక్ష్యానికీ హద్దులున్నాయి. ఫ్రాన్స్, స్పెయిన్, బెల్జియం, లక్సెంబర్గ్, ఐర్లాండ్, మొనాకో వంటి దేశాల రెండు యూరోల అంచు మీద ఒకే అచ్చు ఉంటుంది. రెండు అంకె, రెండు నక్షత్రాలు, ఒకసారి నిటారుగా, ఒకసారి తలకిందులుగా, ఆరుసార్లు. ఈ అంచు కనిపిస్తే ఆ దేశాల్లో ఒకటని తెలుస్తుంది, ఏదని తెలియదు. బెల్జియం తొలి యూరోల మీద రాజు తల, సంవత్సరం తప్ప దేశం పేరు కూడా లేదు. దేశపు అక్షరాలు 2008 నుంచే చేర్చారు. అంతకు ముందరివాటిని రాజు తల పక్కన కిరీటం కింద ఉన్న ఏ అక్షరాన్ని బట్టి గుర్తుపట్టాలి. అది రాజు ఆల్బర్ట్ పేరులోని మొదటి అక్షరం, టంకశాల గుర్తు కాదు. చార్మినార్ ద్వారంలోని ఐన్ అక్షరానికి ఇది దగ్గరి చుట్టం.

రాత తలకిందులుగా ఉందా, నిటారుగా ఉందా అన్నదాన్ని బట్టి ఏదైనా ప్రత్యేకత ఉందని కొందరు అనుకుంటారు. యూరో నాణేల అంచు రాతను ముఖాలు ముద్రించక ముందే బిళ్లల మీద వేస్తారు. బిళ్ల ఏ వైపుగా ముద్రలోకి పోయిందన్నది యాదృచ్ఛికం. రెండు రకాలూ సమానంగానే దొరుకుతాయి. అమెరికా అధ్యక్షుల డాలర్ల మీద మాత్రం అంచు రాత ముఖాలు ముద్రించాక వేశారు. సంవత్సరం, టంకశాల అక్షరం కూడా అంచు మీదే ఉంటాయి. 2007లో కొన్ని డాలర్లు ఆ దశ దాటకుండానే బయటికి వచ్చాయి. అలాంటి నాణెం దొరికితే సంవత్సరమే కనిపించదు. దేశం పేరు మాత్రం ముఖం మీద ఉంటుంది కాబట్టి గుర్తింపు ఆగదు.

నకిలీల విషయంలో కూడా అంచే ముందు పట్టిస్తుంది. మన పాత అయిదు రూపాయల రాగి నికెల్ నాణెం బరువు తొమ్మిది గ్రాములు. దాని అంచు మధ్యలో ఒక గాడి, గాడిలో చుక్కల వరుస ఉంటుంది. ఆ గాడిని పోతపోసి తేవడం కష్టం. పోత నాణెం అంచు మీద రెండు అచ్చులు కలిసిన చోట సన్నని అతుకు గీత తేలుతుంది. దాన్ని ఆకురాయితో రుద్దితే గాడి చెడిపోతుంది. అంచు మీద అతుకు కనిపించిన నాణెం ముఖం మీద ఏ గుర్తు ఉన్నా దాన్ని నమ్మకూడదు.

ఏ వరుసలో చూడాలి

వీటన్నింటినీ కలిపి చూస్తే ఒక వరుస తేలుతుంది. మొదట లిపి, అంకెలు, సంవత్సరం ఏ శకంలో ఉందన్నది చూడాలి. థాయ్ నాణెం మీద 2531 అని ఉంటే అది బౌద్ధ శకం, 543 తీసేస్తే 1988 వస్తుంది. చార్మినార్ నాణెం మీద 1343 అని ఉంటే అది హిజరీ, మన లెక్కలో 1924 లేదా 1925. తర్వాత బిరుదులు, రాజముద్ర. తర్వాత బరువు, వ్యాసం, అయస్కాంతానికి అంటుకుంటుందా అన్నది. ఆ తర్వాత అంచు. ఈ నాలుగూ ఒకే దేశం వైపు చూపితేనే ఆఖరున టంకశాల గుర్తును తెరవాలి. గుర్తు ఆ దేశంతో సరిపోకపోతే వెంటనే దేశాన్ని మార్చకూడదు. ఆ దేశం ఆ సంవత్సరంలో నాణేలు బయట ముద్రించుకుందా అని వెతకాలి.

నాణేన్ని పెట్టే కాగితం కవరు మీద ఒకే గడి ఉండటం వల్ల చాలా తప్పులు జరుగుతాయి. రెండు గడులు గీసుకోవాలి. జారీ చేసింది ఎవరు అని ఒకటి, ముద్ర పడింది ఎక్కడ అని ఇంకొకటి. నూహ్ సవరిన్‌కు మొదటి గడిలో బ్రిటన్, రెండో గడిలో ఇండియా. హెచ్ అక్షరం రూపాయికి మొదట ఇండియా, తర్వాత బర్మింగ్‌హామ్. ఎద్దు మీది స్త్రీకి గ్రీస్, ఫిన్లాండ్. నెలవంక ఆర్కాటు రూపాయికి మొదటి గడిలో ఫ్రెంచి కంపెనీ, రెండో గడిలో పుదుచ్చేరి. ఆలంగీర్ పేరు ఎంత పెద్దగా ఉన్నా దానికి ఆ రెండు గడుల్లోనూ చోటు లేదు.